కోసిన యాపిల్ రంగు మారడాన్ని నిమ్మరసం ఎంతవరకు ఆపగలదు

ప్రశ్న: మాది విజయవాడ. పాప టిఫిన్ డబ్బాలో ఉదయం ఏడున్నరకు యాపిల్ ముక్కలు పెడితే పదిన్నరకల్లా గోధుమరంగుకు తిరిగి, తినకుండా ఇంటికి తెచ్చేస్తోంది. నిమ్మరసం పిండితే కాసేపు బాగానే ఉంటున్నాయి, తర్వాత మళ్ళీ మామూలే. బంగాళాదుంప ముక్కలు ఉత్త నీళ్ళలో వేస్తే తెల్లగా ఉంటాయి. యాపిల్‌కు అదే చేస్తే పనిచేయడం లేదు. ఎందుకు?

సమాధానం:

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్ళకు పైగా జీవరసాయన శాస్త్రం ప్రయోగశాల తరగతులు తీసుకున్నాను. ప్రతి సంవత్సరం మొదటి ప్రయోగానికి నేను తెప్పించినవి ఒక యాపిల్, ఒక బంగాళాదుంప, ఒక నిమ్మకాయ మాత్రమే. అందువల్ల మీరు అడిగినదానికి పుస్తకంలో చదివినదానితో పాటు బల్లమీద చూసినది కూడా కలిపి చెప్పగలను.

ఆ గోధుమరంగు యాపిల్‌లో ముందునుంచీ ఉండేది కాదు, కోసిన తర్వాత తయారయ్యేది. అది తయారవడానికి మూడు ఒకచోట కలవాలి. మొదటివి ఫినాల్ జాతి పదార్థాలు. పచ్చి అరటికాయలోనూ అరటిపువ్వులోనూ నాలుకను పట్టే వగరు చాలావరకు ఈ జాతి పదార్థాలదే. యాపిల్‌లో వీటిలో ముఖ్యమైనది క్లోరోజెనిక్ ఆమ్లం. బంగాళాదుంపలో దానితో పాటు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. రెండవది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. మూడవది గాలిలోని ఆక్సిజన్. కోయని కాయలో ఫినాళ్ళు కణం మధ్యలో రసంతో నిండి ఉండే రిక్తిక అనే సంచిలో ఉంటాయి, ఎంజైము దానికి బయట ప్లాస్టిడ్లు అనే చిన్న గదుల్లో ఉంటుంది. ఒకే ఇంట్లో ఉన్నా ఒకదాని ముఖం ఒకటి చూడవు. కత్తి దిగినప్పుడు ఆ దారిలో ఉన్న కణాల గోడలూ సంచులూ తెగి, రెండూ కలిసిపోతాయి, పైనుంచి గాలి తగులుతుంది. మొద్దుబారిన కత్తితో కోసిన ముక్క త్వరగా రంగు మారడానికి కారణం కూడా ఇదే. అది కోయడం కంటే నలపడమే ఎక్కువ చేస్తుంది కాబట్టి ఎక్కువ కణాలు పగులుతాయి.

ఇక్కడినుంచి జరిగేది రెండు దశలుగా చూస్తే నిమ్మరసం సంగతి తేలికగా అర్థమవుతుంది. మొదటి దశలో ఎంజైము ఆక్సిజన్‌ను ఉపయోగించి ఫినాల్‌ను క్వినోన్ అనే పదార్థంగా మారుస్తుంది. ఈ పని చేయడానికి ఎంజైము నడిబొడ్డున రెండు రాగి పరమాణువులు ఉంటాయి. అవి లేకపోతే దానికి చేతులు లేనట్టే. రెండవ దశలో ఎంజైముతో నిమిత్తం లేదు. క్వినోన్లు కుదురుగా ఉండలేని పదార్థాలు. అవి ఒకదానితో ఒకటి, పక్కనున్న ప్రొటీన్లతో అతుక్కుని పెద్ద పెద్ద గొలుసులుగా పెరిగి, గోధుమ, నలుపు రంగు పదార్థాలవుతాయి. క్వినోన్ దశ వరకు వెనక్కు మళ్ళే దారి ఉంది, గొలుసులు పడిన తర్వాత లేదు. అందుకే బాగా రంగు తిరిగిన ముక్క మీద ఎంత నిమ్మరసం పిండినా తెల్లబడదు.

ఇదంతా కళ్ళతో చూడాలంటే యాపిల్ కంటే బంగాళాదుంప మంచిది. ఒక పచ్చి దుంపను తురిమి తెల్లని పళ్ళెంలో పలచగా పరిచి పక్కన కూర్చోండి. కొన్ని నిమిషాలకు తురుము అంచులు లేత గులాబీ రంగుకు వస్తాయి, తర్వాత ఇటుక రంగు, ఇంకా ఉంచితే బూడిద కలిసిన నలుపు. ఆ గులాబీ, ఇటుక రంగులు టైరోసిన్ మార్గంలో మధ్యలో వచ్చే మజిలీలు. యాపిల్‌లో ఇంత వర్ణశోభ ఉండదు, లేత పసుపు నుంచి నేరుగా గోధుమరంగుకు వెళుతుంది. గింజల గది చుట్టూ, తొక్కకు ఆనుకుని ఉన్న సన్నని వరుసలో తరచుగా ముందు కనిపిస్తుంది, ఎందుకంటే ఫినాళ్ళు ఆ భాగాల్లో ఎక్కువ. ఇలా మారిన ముక్క తింటే ఏమీ కాదు. రుచి, వాసన కొద్దిగా తగ్గుతాయంతే. మీ పాప అభ్యంతరం చూపుకు సంబంధించినది, దానిని తప్పుపట్టలేము.

ఇప్పుడు నిమ్మరసం. ఇందులో పనిచేసేవి రెండు. విటమిన్ సి, సిట్రిక్ ఆమ్లం. రెండూ ఒకే పని చేస్తాయనుకోవడం వల్లనే "కాసేపు ఆగి మళ్ళీ మామూలే" అనే చిక్కు అర్థం కాకుండా ఉండిపోతుంది.

విటమిన్ సి ఎంజైమును పెద్దగా ఆపదు. ఎంజైము తయారుచేసిన క్వినోన్‌ను పట్టుకుని మళ్ళీ పాత ఫినాల్‌గా మార్చేస్తుంది, ఆ క్రమంలో తాను ఖర్చయిపోతుంది. ఒకరు గుంత తవ్వుతూ ఉంటే వెనకనే ఇంకొకరు పూడుస్తూ పోయినట్టు. తవ్వేవాడు అలసిపోడు, పూడ్చేవాడి దగ్గరున్న మట్టి మాత్రం అయిపోతుంది. ఆ క్షణం వరకు ముక్క తెల్లగా కనిపిస్తుంది, ఆ తర్వాత ఏమీ రాయని ముక్క వేగంతోనే రంగు మారడం మొదలవుతుంది. అంటే ఇది వేగాన్ని తగ్గించే పదార్థం కాదు, మొదలయ్యే సమయాన్ని వెనక్కు నెట్టే పదార్థం.

ఈ ఆలస్యమే ఒక పెద్ద విషయాన్ని పట్టించింది. హంగరీ దేశపు శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ 1920లలో మొక్కలు రంగు మారడాన్ని పరిశోధిస్తున్నప్పుడు, తక్షణం రావలసిన రంగు కొన్ని మొక్కల రసం కలిపితే ఒక్క క్షణం ఆలస్యంగా రావడం గమనించి, ఆ రసంలో రంగును వెనక్కు తిప్పే పదార్థం ఏదో ఉందని తీసుకున్నారు. దానిని 1928లో వేరుచేశారు, అదే విటమిన్ సి అని తర్వాత తేలింది, 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరువాడిగా ఒక మాట కలపకుండా ఉండలేను. ఆయనకు అది పెద్ద మొత్తంలో దొరికింది నిమ్మజాతి పండ్లలో కాదు, తమ ఊళ్ళో పండే ఎర్ర మిరపలో. మన పండుమిర్చిలోనూ ఎత్తుకు ఎత్తు చూస్తే నిమ్మరసంలో కంటే విటమిన్ సి ఎక్కువే. అయితే యాపిల్‌కు ఆ వైద్యం చేయమని చెప్పను.

సిట్రిక్ ఆమ్లం పని వేరు. అది ఎంజైముకు పరిసరాలను అనుకూలం కాకుండా చేస్తుంది. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఈ ఎంజైము పీహెచ్ 5 నుంచి 7 మధ్య హాయిగా పనిచేస్తుంది, 4 దగ్గర మందగిస్తుంది, 3 కంటే కిందికి పోతే దాదాపు ఆగిపోతుంది. బంగాళాదుంప పీహెచ్ సుమారు 6, అంటే ఎంజైముకు అచ్చంగా కావలసిన చోటు. యాపిల్ స్వతహాగా పులుపు, దాని పీహెచ్ సుమారు 3.3 నుంచి 4 వరకు ఉంటుంది. అక్కడ ఎంజైము కుంటుతూనే అయినా పనిచేస్తుంది, అదీ మనకు కనిపించేటంత. నిమ్మరసం దానిని ఇంకొక మెట్టు కిందికి దించుతుంది. దీనికి తోడు సిట్రిక్ ఆమ్లం లోహాలను పట్టి ఉంచే గుణం కలది కాబట్టి ఎంజైములోని రాగికి కూడా కొంత అడ్డుపడుతుంది, కానీ ఇది చిన్న సాయం. ముఖ్యమైనది పులుపే.

మన నిమ్మకాయలో ఈ రెండూ ఏ పాళ్ళలో ఉన్నాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. మన మార్కెట్లో దొరికే చిన్న నిమ్మకాయ రసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 6 నుంచి 7 శాతం, విటమిన్ సి 100 మిల్లీలీటర్లకు సుమారు 30 మిల్లీగ్రాములు. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల రసంలో ఆమ్లం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటే విటమిన్ సి ఒకటిన్నర మిల్లీగ్రాములే. ఎక్కడ 300, ఎక్కడ ఒకటిన్నర! కాబట్టి మీ ముక్కలు మొదట కొద్దిసేపు పూర్తి తెల్లగా ఉన్నాయంటే ఆ పుణ్యంలో విటమిన్ సికి వాటా ఉంది, అది త్వరగానే అయిపోతుంది. ఆ తర్వాత కాపలా కాసేది పులుపు ఒక్కటే. ఆ పులుపు కూడా ముక్క పైన పలచని పొరగా ఉండి, లోపలి రసంతో కలుస్తూ మెల్లమెల్లగా బలం తగ్గుతుంది. ఎంజైము మాత్రం చావలేదు, పడుకుని ఉంది.

ఈ తేడాను విద్యార్థులకు చూపడానికి నేను ఒకే యాపిల్ నుంచి నాలుగు ముక్కలు కోయించేవాడిని. ఒకదానికి ఏమీ పెట్టం. రెండవదాన్ని కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, అర గ్రాము 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి ముంచుతాం. మూడవదాన్ని అంతే నీళ్ళలో అర గ్రాము రంగు కలపని విటమిన్ సి పొడి కరిగించి ముంచుతాం. నాలుగవది రెండూ కలిపిన నీళ్ళలో. ఏమీ పెట్టని ముక్క పది నిమిషాలకే రంగు పట్టేది. నిమ్మ ఉప్పు ముక్క ఎప్పుడు మొదలైందో చెప్పలేనంత నెమ్మదిగా, గంటకు కొద్దికొద్దిగా మసకబారేది. విటమిన్ సి ముక్క చాలాసేపు ఇప్పుడే కోసినట్టు ఉండి, ఆ తర్వాత పిల్లలు టీ తాగి వచ్చేలోపు రంగు తిరిగేది. రెండూ కలిపినది అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచేది. విటమిన్ సి ఖర్చు కావాలంటే ఎంజైము క్వినోన్ తయారుచేయాలి, పులుపు ఆ తయారీనే తగ్గించింది కాబట్టి ఉన్న కాస్త విటమిన్ సి ఎక్కువ కాలం వచ్చింది. కోసి ప్యాక్ చేసి అమ్మే యాపిల్ ముక్కలకు కంపెనీలు కాల్షియం ఆస్కార్బేట్ అనే విటమిన్ సి లవణం పట్టించడం వాడుకలో ఉంది. అది ముక్కను గట్టిగా కూడా ఉంచుతుంది, పుల్లన చేయదు.

ఇదంతా నిజంగా ఎంజైము పనేనా అని సందేహించే విద్యార్థి ఏటా ఒకరైనా ఉండేవారు. కెనడాలో ఒక సంస్థ ఈ ఎంజైమును తయారుచేసే జన్యువుల నోరు మూయించి పెంచిన యాపిల్ రకానికి 2015లో అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి ఇచ్చింది. ఆ యాపిల్ కోసినా రంగు మారదు. ఫినాళ్ళు ఉన్నాయి, గాలి ఉంది, ఎంజైము దాదాపు లేదు. ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇక ఉత్త నీళ్ళు బంగాళాదుంపకు పనిచేసి యాపిల్‌కు ఎందుకు పనిచేయవో చూద్దాం. దుంప ముక్క నీళ్ళలో మునుగుతుంది. మునిగితే గాలి అందదు, తెగిన కణాలలోని రసం కూడా నీళ్ళలోకి కొట్టుకుపోతుంది. తురుము వేసిన నీళ్ళు కాసేపటికి గులాబీ రంగుకు రావడం మీరు చూసే ఉంటారు. రంగు ముక్కలో కాకుండా నీళ్ళలో తయారవుతోందన్నమాట. యాపిల్ అలా కాదు, అది తేలుతుంది. యాపిల్ కండలో కణాల మధ్య సన్నని గాలి ఖాళీలు ఉంటాయి. మొత్తం పరిమాణంలో ఐదో వంతు నుంచి పావు వంతు వరకు గాలే. అందువల్ల ముక్క పైభాగం నీటి మట్టం దాటి బయటకు ఉంటుంది, మునిగిన భాగానికి కూడా లోపలినుంచి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. పైగా ఎక్కువసేపు ఉంచితే తీపి నీళ్ళలోకి పోయి ముక్క చప్పబడుతుంది. మన ఇళ్ళలో అరటికాయ ముక్కలను, అరటిపువ్వును ఉత్త నీళ్ళలో కాకుండా మజ్జిగ నీళ్ళలో వేయడం, వంకాయను ఉప్పునీళ్ళలోకి కోయడం ఇందుకు తగిన పద్ధతులే. మజ్జిగ పులుపునిస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ ఈ ఎంజైముకు అడ్డుపడుతుంది, అదీ పులుపు తోడుంటే ఇంకా గట్టిగా. అందుకే నిమ్మనీళ్ళలో చిటికెడు ఉప్పు వేయమని నేను ఎప్పుడూ చెబుతాను.

నీళ్ళ విషయంలో చాలామంది పట్టించుకోనిది ఒకటి ఉంది. అదేమిటంటే బోరు నీళ్ళు. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టే నీళ్ళయితే వాటిలో బైకార్బొనేటు ఎక్కువ ఉందని అర్థం. అది పులుపును తినేస్తుంది. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల, బైకార్బొనేటు పెద్దగా లేని మెత్తని నీళ్ళలో ఒక టీస్పూను నిమ్మరసం కలిపితే పీహెచ్ 3 కంటే కిందే ఉంటుంది. ఇలా పులుపును తినేసే గుణం, అంటే క్షారత, లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్ళలో అంతే రసం కలిపితే పీహెచ్ 3.5 దాటిపోతుంది. యాపిల్ తన పులుపు తనకు ఉన్నదే కాబట్టి ఆ నీళ్ళలో ముంచడం వల్ల కొత్తగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. గుంటూరులో మా పాత అద్దె ఇంట్లో ఇదే జరిగింది. తరగతిలో పనిచేసిన ప్రయోగం ఇంట్లో మా ఆవిడ ముందు చేసి చూపబోతే పనిచేయక నవ్వులపాలయ్యాను. కళాశాలలో వాడినవి శుద్ధి చేసిన నీళ్ళు, ఇంట్లో వాడినవి బోరు నీళ్ళు అని తట్టడానికి రెండు రోజులు పట్టింది.

మీ డబ్బా సంగతికి వస్తాను. మధ్యరకం యాపిల్ ఒకటి తీసుకోండి, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి. చల్లగా ఉంటే ఎంజైము నెమ్మదిస్తుంది, ఎండాకాలంలో మన ఊళ్ళలో ఈ ఒక్క జాగ్రత్తే చాలా తేడా చూపుతుంది. ఫిల్టరు నీళ్ళు లేదా క్యాను నీళ్ళు అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్లు, ఒక గిన్నెలో పోసి, రెండు టీస్పూన్ల నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలపండి. ముందు ఈ నీళ్ళు సిద్ధం చేసుకుని ఆ తర్వాతే కోయండి, ఎందుకంటే కోసిన మొదటి నిమిషాల్లో తయారైన గొలుసులను మళ్ళీ విప్పలేము. తొక్క తీయకుండా పదునైన స్టీలు చాకుతో ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కొక్కటి కోసిన వెంటనే నీళ్ళలో వేయండి. తేలే ముక్కల మీద చిన్న మూత బోర్లించి మునిగేటట్టు చేసి, నాలుగైదు నిమిషాలు ఉంచండి. తీసి నీళ్ళు ఓడ్చండి, అంతే. కడగవద్దు, గుడ్డతో తుడవవద్దు, ఆ పలచని పులుపు పొరే కాపలా. తర్వాత ముక్కలను మళ్ళీ యాపిల్ ఆకారంలో ఒకదానికొకటి ఆనించి, శుభ్రమైన రబ్బరు బ్యాండు వేసి, సరిపోయే చిన్న డబ్బాలో పెట్టండి. కోసిన ముఖాలు ఒకదానిని ఒకటి కప్పుకుంటాయి కాబట్టి గాలి తగిలే చోటు బాగా తగ్గిపోతుంది. ఇలా చేస్తే మూడు గంటలు తేలికగా గడుస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంట వరకు పూర్తి తెల్లగా ఉండాలంటే మాత్రం నిమ్మరసం ఒక్కటే చాలదు, రంగులేని విటమిన్ సి పొడి పావు టీస్పూను కంటే తక్కువ అదే నీళ్ళలో కలపాలి.

ఇనుప కత్తిపీటను ఈ పనికి వాడవద్దు. ఇనుము ఫినాళ్ళతో కలిసి నీలినలుపు మరక వేస్తుంది. అది ఎంజైము రంగు కాదు, పూర్తిగా వేరే వ్యవహారం. ఉడికించిన బంగాళాదుంప చల్లారాక బూడిదరంగు తిరగడం కూడా ఈ తరహాదే. ఉడికినప్పుడు ఎంజైము చచ్చిపోయింది, దుంపలోని ఇనుమే క్లోరోజెనిక్ ఆమ్లంతో కలిసి, చల్లారాక గాలి తగిలి రంగు చూపుతోంది. ఉడకడం చివరకు వచ్చాక కొద్దిగా నిమ్మరసం వేస్తే తగ్గుతుంది. మొదట్లోనే వేస్తే దుంప మెత్తబడదు.

ఇంత చేశాక కూడా రంగు వస్తే ఎక్కడ వచ్చిందో చూడండి. ముక్క ఒక అంచునే వచ్చి ఉంటే అది నానేటప్పుడు పైకి తేలింది. కోసిన ముఖమంతా సమంగా లేత గోధుమరంగు పట్టి ఉంటే నీళ్ళలో పులుపు చాలలేదు, ముందు నీళ్ళను అనుమానించండి, ఆ తర్వాతే నిమ్మకాయను. తొక్క కింద ఒక్కచోట గుండ్రటి మచ్చలా ఉంటే అది మీ తప్పు కాదు. బండిమీదో బుట్టలోనో ఆ కాయకు దెబ్బ తగిలి, మీరు కోయకముందే లోపల కణాలు పగిలిపోయి ఉన్నాయి.